స్కూలు వ్యాను నెల ఛార్జీ ఎంత? ఒక బండి లెక్కల డైరీ

మే మూడో వారం

మా బావగారు ఈ వేసవిలో పాత స్కూలు వ్యాను ఒకటి కొన్నారు. డీజిల్ బండి, పిల్లలకు 26 సీట్లు, 8 లక్షలు పడింది. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూలుతో మాట అయింది. పిల్లల్ని తీసుకురావడం, దింపడం మా పని. ఛార్జీ మేమే నిర్ణయించి మేమే వసూలు చేసుకోవాలి. బావగారికి కిరాణా కొట్టు ఉంది, లెక్కలు చూసేది నేను. అందుకని ఈ డైరీ.

ఆయన మొదటి ప్రతిపాదన తేలికగానే ఉంది. "కిలోమీటరుకు నెలకు వంద వేద్దాం. నాలుగు కిలోమీటర్ల పిల్లకు నాలుగు వందలు, పదహారు కిలోమీటర్ల పిల్లకు పదహారు వందలు. అందరికీ అర్థమవుతుంది."

అర్థమయ్యే మాట నిజమే. బండి నిలబడుతుందా అన్నదే చూడాలి. ముందు ఖర్చు తెలియాలి కాబట్టి రూటుతో మొదలుపెట్టాను.

రూటు ఇది. స్కూలు నుంచి మెయిన్ రోడ్డు మీద చివరి ఊరి రామాలయం దాకా 16 కిలోమీటర్లు. మధ్యలో 4వ కిలోమీటరు దగ్గర రైసుమిల్లు, 7 దగ్గర పాలకేంద్రం, పదిన్నర దగ్గర లాకుల సెంటరు, 13 దగ్గర పంచాయతీ ఆఫీసు. లాకుల సెంటరు నుంచి కాలువ గట్టు మీద రెండున్నర కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఒక చిన్న పేట, అక్కడ ముగ్గురు పిల్లలు. పేర్లు ఇచ్చినవాళ్ళు ఈ రూటులో మొత్తం 22 మంది.

మైలేజీ విషయంలో అమ్మినవాడు పన్నెండు అన్నాడు. బంకులో ట్యాంకు నింపించి, పంపు తనంతట తాను ఆగిన చోటే ఆపించాం. పైన మళ్ళీ కాస్త పోయించుకోలేదు. తర్వాత ప్రతి స్టాపు దగ్గరా నిమిషం సేపు ఇంజను ఆపకుండా నిలుపుతూ, గట్టు లోపలికి కూడా వెళ్తూ రూటంతా తిరిగాం. తిరిగింది 126 కిలోమీటర్లు. మళ్ళీ అదే బంకులో, అదే పంపు దగ్గర, బండిని అదే వైపు తిప్పి నింపితే 14 లీటర్లు పట్టింది. అంటే 9. హైవే మీద ఆగకుండా పోతే పన్నెండు రావచ్చు. పిల్లల బండి ఆగకుండా పోయేది కాదు.

డీజిల్ లీటరు 97 రూపాయలుగా పట్టుకున్నాను. కిలోమీటరుకు 10 రూపాయల 80 పైసలు. టైర్లు, ఆయిలు, బ్రేకులు, క్లచ్ పేరుతో మరో మూడు రూపాయలు వేశాను. టైర్ల ఖర్చు ఏడాదికోసారి వచ్చిపడినట్టు కనిపించినా అరుగుదల మాత్రం ప్రతి కిలోమీటరుకూ జరుగుతూనే ఉంటుంది. రెండూ కలిపితే 13.80. లెక్కకు 14 అనుకుందాం.

మే నాలుగో వారం

డ్రైవరు జీతం దగ్గర బావగారికీ నాకూ పడలేదు.

"నేనే నడుపుతాను, జీతం కాలమ్ ఎందుకు?" అన్నారాయన. ఆయనకు ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఉంది, గతంలో ఏడేళ్ళు లారీ నడిపారు. స్కూలు బండి డ్రైవరుకు కనీసం ఐదేళ్ళ అనుభవం ఉండాలన్న నిబంధనకు సరిపోతారు కూడా.

"మీరు బండి మీద ఉంటే కొట్టులో ఎవరు కూర్చుంటారు బావగారూ?"

"మీ అక్క."

"అక్క పనికి జీతం వేద్దామా మరి?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. సొంత యజమాని నడిపినా జీతం రాయాల్సిందే. రాయకపోతే ఆ ఛార్జీకి పిల్లలు అలవాటు పడతారు. తర్వాత ఎప్పుడైనా డ్రైవరును పెట్టుకోవాల్సి వస్తే ఆ 15 వేలు ఎక్కడి నుంచీ రావు. మా వైపు చాలా వ్యాన్లు రెండో ఏడాదే ఆగిపోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం.

అంతకన్నా పెద్ద విషయం ఆ తర్వాత బయటపడింది. బావగారు నడిపితే బండి రాత్రి టౌనులోనే ఉంటుంది. పొద్దున చివరి ఊరిదాకా 16 కిలోమీటర్లు ఖాళీగా వెళ్ళాలి, సాయంత్రం అక్కడి నుంచి 16 కిలోమీటర్లు ఖాళీగా రావాలి. రోజుకు 32 కిలోమీటర్లు, స్కూలు క్యాలెండర్ ప్రకారం 220 పనిదినాలు, కిలోమీటరుకు 14 రూపాయలు. ఏడాదికి 98,560. ఆయన మిగిలిందనుకునే జీతం లక్షా ఎనభై వేలు. అందులో సగానికి పైగా ఖాళీ బండి తాగేస్తుంది.

అదే చివరి ఊళ్ళో ఉండే డ్రైవరు దొరికితే బండి రాత్రి అక్కడే ఉంటుంది, ఖాళీ తిరుగుడే ఉండదు. ఊళ్ళో వాకబు చేస్తే ఒకాయన దొరికారు. నలభై ఏళ్ళ మనిషి, పన్నెండేళ్ళు బస్సు నడిపారు. బండి రాత్రి ఆయన ఇంటి ముందే, వీధి దీపం కింద.

ఆయా విషయంలోనూ ఇదే లెక్క, కానీ కారణం వేరు. స్కూలు బండిలో అటెండెంటు ఉండి తీరాలి. మొదట అనుకున్నావిడ ఇల్లు పాలకేంద్రం దగ్గర, అంటే 7వ కిలోమీటరు. ఆమె అక్కడ ఎక్కితే అంతకుముందు నాలుగు స్టాపుల పిల్లలు ఆయా లేకుండానే ప్రయాణం చేసినట్టు. చివరి స్టాపు నుంచి బండిలో ఉండే మనిషి కావాలి. కాబట్టి ఆయా కూడా చివరి ఊరి ఆవిడే. నెలకు 7 వేలు. పగలు ఆమె స్కూల్లోనే పని చేస్తుంది, దానికి స్కూలు వేరే ఇస్తుంది. రెండూ కలిస్తేనే ఆమెకు గిట్టుబాటు. మేమొక్కరమే ఇవ్వాల్సి వస్తే ఏడువేలకు ఎవరూ వచ్చేవారు కారు.

మే ఆఖరు

ఏడాది ఖర్చు ఒకచోట రాశాను.

డ్రైవరుకు 12 నెలలకు 1,80,000. ఆయాకు 84,000. మేలో స్కూలు ఉండదు కదా, ఆయాకు ఎందుకివ్వాలి అన్నారు బావగారు. ఇవ్వకపోతే జూన్‌లో కొత్త మనిషి వస్తుంది. ఏ పిల్ల ఏ గడప దగ్గర దిగాలో, ఎవరి నానమ్మకు తప్ప ఇంకెవరికీ అప్పగించకూడదో కొత్త మనిషికి తెలియదు. ఇచ్చేద్దామన్నాను.

బండి తరుగు విషయంలో ఈఎంఐని ఖర్చుగా రాయలేదు. ఈఎంఐ నాలుగేళ్ళలో అయిపోతుంది, బండి ఆరేళ్ళు నడుస్తుంది. 8 లక్షల బండి ఆరేళ్ళకు మూడు లక్షల ఇరవై వేలకు పోతుందనుకుంటే ఏడాదికి 80 వేలు తరుగు. బ్యాంకు వడ్డీ, బావగారు పెట్టిన సొంత డబ్బు మీద రావాల్సిన వడ్డీ కలిపి 40 వేలు. బీమా, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్ కాగితాలకు 55 వేలు. విద్యాసంస్థల బస్సులకు థర్డ్ పార్టీ ప్రీమియంలో 2022 నుంచి 15 శాతం తగ్గింపు ఉంది, ఏజెంటు దగ్గర అడిగి మరీ వేయించుకోవాలి. డ్రైవరుకు జ్వరం వస్తే రోజు కూలీకి పెట్టే మనిషికి, చిల్లర మరమ్మతులకు 16 వేలు.

ఇవన్నీ బండి ఒక్క కిలోమీటరు తిరగకపోయినా పడే ఖర్చులే. మొత్తం 4,55,000. బావగారి లాభం ఏడాదికి 60 వేలు కలిపితే 5,15,000.

ఇక్కడ పెన్ను కింద పెట్టేశాను. ఫీజు వసూలయ్యేది పది నెలలే. 22 మంది పిల్లలతో పది నెలల్లో ఇంత రావాలంటే డీజిల్ చుక్క పోయకముందే ఒక్కొక్కరికి 2,341 రూపాయలు. దాని మీద కిలోమీటర్ల ఖర్చు. మా వైపు నెలకు మూడు వేలు వ్యానుకు ఎవరూ ఇవ్వరు. ఇక బావగారి లెక్క ప్రకారం కిలోమీటరుకు వంద వేస్తే ఈ రూటు మొత్తం మీద నెలకు వచ్చేది 20,600. డ్రైవరుకీ ఆయాకీ నెలకు ఇచ్చే 22 వేలకే అది చాలదు.

దూరం గురించి అంతసేపు మాట్లాడుకున్నాం గానీ అసలు బరువు సీటు మీద ఉంది. ఒకే ట్రిప్పుతో ఈ బండి గిట్టదు.

జూన్ మొదటి వారం

రెండో ట్రిప్పు కుదిరింది. టౌనులోనే 8 కిలోమీటర్ల చుట్టు, 20 మంది పిల్లలు. పొద్దున 7.10కి చివరి ఊళ్ళో బయలుదేరి ఎనిమిదికి స్కూలు. వెంటనే టౌను చుట్టు, 8.40కల్లా మళ్ళీ స్కూలు. సాయంత్రం ముందు టౌను పిల్లల్ని దింపి వచ్చి, తర్వాత ఊళ్ళ పిల్లల్ని ఎక్కించుకోవాలి. తిప్పి చేస్తే చివరి ఊరి నుంచి బండి ఖాళీగా వెనక్కి రావాలి, మళ్ళీ పాత కథే.

చిక్కు ఏమిటంటే సాయంత్రం ఊళ్ళ పిల్లలు నలభై నిమిషాలు స్కూల్లో ఉండిపోతారు, ఆయా మాత్రం టౌను బండిలో ఉంటుంది. హెడ్మాస్టరుగారిని అడిగితే ఆ సమయానికి హోంవర్కు క్లాసు పెడతామన్నారు. ఈ మాట కాగితం మీద రాయించుకున్నాం. ఈ ఏర్పాటు లేకపోతే రెండో ట్రిప్పు లేదు, రెండో ట్రిప్పు లేకపోతే బండే లేదు.

ఇప్పుడు ఆ 5,15,000 మొత్తం 42 మంది మీద పడుతుంది. పది నెలలకు, ఒక్కొక్కరికి నెలకు 1,226. ఇది సీటు ఛార్జీ. ఇల్లు ఎంత దూరమైనా ఇది మారదు.

దూరం పద్దు దీని మీద వేయాలి. టౌను చుట్టుకు రోజుకు 16 కిలోమీటర్లు, ఏడాదికి 49,280. ఇరవై మందికి పంచితే నెలకు 246.

ఊళ్ళ రూటులో గట్టు మీది పేట సంగతి ముందు తేల్చాలి. లోపలికి రెండున్నర, బయటికి రెండున్నర. రెండు పూటలా వెళ్తే రోజుకు 10 కిలోమీటర్లు, ఏడాదికి 30,800. ముగ్గురి మీదే వేస్తే తలకు వెయ్యి రూపాయలు దాటుతుంది. అందరి మీదా వేస్తే తలకు 140. అందరూ 140 ఇవ్వగలరు, కానీ పంచాయతీ ఆఫీసు దగ్గరా రామాలయం దగ్గరా ఎక్కే ఐదుగురు దానికి డబ్బుతో పాటు నిద్ర కూడా ఇవ్వాలి. గట్టు మీద బండి తిరిగి వచ్చేసరికి పన్నెండు నిమిషాలు.

పేటలో ముగ్గురి తండ్రులతో కూర్చున్నాం. పొద్దున వాళ్ళు ఎలాగూ పాలు పోయడానికి సెంటరుకు బండి మీద వస్తారు, పిల్లల్ని లాకుల దగ్గర ఎక్కిస్తారు. సాయంత్రం మాత్రం వ్యాను లోపలికి వెళ్తుంది. వాన పడితే గట్టు మీద బురద కాబట్టి ఆ రోజుల్లో డ్రైవరూ వాళ్ళూ ఫోను చేసుకుని లాకుల దగ్గరే కలుస్తారు. దీంతో ఖర్చు సగమై 15,400కి దిగింది. అందులో ముగ్గురూ తలకు 250 అదనంగా ఇస్తారు. మిగతా 7,900 రూటు మొత్తానికి కలిపాను.

ఇక మెయిన్ రోడ్డు రాకపోకలు రోజుకు 32 కిలోమీటర్లు, ఏడాదికి 98,560. దానికి ఆ 7,900 కలిపి పదితో భాగిస్తే నెలకు 10,646. దీన్ని తలలతో భాగించలేదు. ఒక్కొక్క స్టాపులో పిల్లల సంఖ్యను స్కూలు నుంచి ఉన్న దూరంతో హెచ్చించి కూడాను. రైసుమిల్లు దగ్గర నలుగురు, నాలుగు కిలోమీటర్లు, అంటే 16. పాలకేంద్రం ఐదుగురికి 35. లాకుల సెంటరులో పేట వాళ్ళతో కలిపి ఎనిమిది మందికి 84. పంచాయతీ ఆఫీసు ముగ్గురికి 39, రామాలయం ఇద్దరికి 32. మొత్తం 206. 10,646ని 206తో భాగిస్తే 51 రూపాయల 70 పైసలు. అంటే కిలోమీటరు దూరానికి నెలకు 52 రూపాయలు. బావగారు అనుకున్న వందలో సగం, కానీ కింద 1,226 పునాది ఉంది.

గుండ్రంగా చేసి బోర్డు మీద రాసిన ఛార్జీలు:

టౌను చుట్టు 1,450
రైసుమిల్లు 1,450
పాలకేంద్రం 1,600
లాకుల సెంటరు 1,800
పంచాయతీ ఆఫీసు 1,900
రామాలయం 2,050
కాలువ గట్టు పేట 2,050

నలభై ఇద్దరి దగ్గరా కలిపి నెలకు 67,750. పది నెలలకు 6,77,500. కావాల్సింది 6,78,240. ఆ ఏడు వందల నలభై బావగారి ఖాతాలో రాశాను.

జూన్ రెండో వారం, స్కూలు తెరిచారు

టౌను తల్లిదండ్రులు ఊరుకోలేదు. "మా ఇల్లు రెండు కిలోమీటర్లే, పదహారు కిలోమీటర్ల వాళ్ళకూ మాకూ తేడా ఆరు వందలేనా?" అని ఒకావిడ గట్టిగానే అడిగారు. కాగితం తీసి చూపించాను. మీ పాప కూర్చునే సీటుకు డ్రైవరు జీతం, ఆయా జీతం, బీమా ఎవరి సీటుకైనా ఒకటే అమ్మా, మీ పాపకు పడే డీజిల్ వాటా టైర్లతో కలిపి 246 మాత్రమే అన్నాను. ఆవిడ కాగితం ఫోనులో ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు డబ్బు పంపారు. ఒప్పుకున్నారో, వేరే దారి లేక పంపారో నాకు తెలియదు.

అన్నాచెల్లెళ్ళకు తగ్గింపు అడిగిన ఇళ్ళు నాలుగు. ఇవ్వలేదు. రెండో పిల్ల ఎక్కడం వల్ల ఒక స్టాపు మిగలదు, ఒక సీటు మాత్రం పోతుంది. స్కూలు ఫీజులో రెండో పిల్లకు తగ్గించడం కుదురుతుంది, బండి సీటులో కుదరదు.

పొద్దున ఒక్కపూటే కావాలన్నవాళ్ళకు సీటు ఛార్జీ పూర్తిగా, దూరం పద్దులో సగం. లెక్క విన్నాక రెండు పూటలకూ చేర్పించారు.

వసూళ్ళు జూన్ నుంచి మార్చి దాకా పది వాయిదాలు. ఏప్రిల్ పెట్టుకుంటే పరీక్షలయ్యాక పిల్లా కనపడదు, డబ్బూ కనపడదు. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ గడువు మే 15తో ముగుస్తుంది. బీమా, రంగు, కాగితాలు అన్నీ ఆ నెలలోనే మీద పడతాయి, చేతికి రూపాయి రాని నెల కూడా అదే. ఏప్రిల్, మే జీతాలు 44 వేలు, కాగితాలు 55 వేలు, కలిపి 99 వేలు. నెలకు 9,900 చొప్పున వేరే ఖాతాలో వేయమని బావగారితో చెప్పాను. కొట్టు గల్లాపెట్టెలో కలిపితే ఆ డబ్బు మేకి చేరదు.

జూలై ఆఖరు

నెల పొడుగునా బంకు రసీదులు కూడితే మైలేజీ 8.7. నా లెక్క కన్నా తక్కువే. వానలకు రోడ్డు గుంతలు పడింది, గట్టు మీద రెండో గేరులోనే వెళ్ళాలి. దీనివల్ల ఏడాదికి అదనంగా పట్టేది దాదాపు 45 లీటర్లు, పిల్లకు నెలకు పది రూపాయలు. ఛార్జీ మార్చాల్సినంత కాదు.

అదే కాగితం మీద ఇంకో రెండు లెక్కలు వేసి చూశాను. డీజిల్ లీటరుకు ఐదు రూపాయలు పెరిగితే పిల్లకు నెలకు 15 రూపాయలు. డ్రైవరు జీతం వెయ్యి పెరిగితే 29 రూపాయలు. నలుగురు పిల్లలు మానేస్తే మాత్రం ఏడాదికి అరవై నాలుగు వేలు, అంటే బావగారి లాభం మొత్తం. వ్యాన్లవాళ్ళందరూ డీజిల్ రేటు చెప్పి ఛార్జీ పెంచుతారు. మానేసే పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. అందుకే ఒప్పంద కాగితంలో ఒక వాక్యం చేర్చాం. మధ్యలో మానేస్తే ఒక నెల ముందు చెప్పాలి, లేదా ఆ నెల ఛార్జీ కట్టాలి. డీజిల్ పెరుగుదలకు ఐదు రూపాయలు దాటితేనే మార్పు, అదీ 15 చొప్పున.

సెప్టెంబరు

చివరి ఊరికి అవతల మూడు కిలోమీటర్ల దూరంలోని ఊరి నుంచి అడుగుతున్నారు. ఊళ్ళ ట్రిప్పులో ఆయా సీటు పోను మూడు సీట్లు ఖాళీ. అక్కడికి వెళ్ళి రావడం పూటకు 6, రోజుకు 12 కిలోమీటర్లు. నెల వాటా 3,696 రూపాయలు. ఆ దూరానికి ఛార్జీ 2,200. ఒక్కరొస్తే నష్టం, ఇద్దరొస్తే ఏడు వందలు మిగులు, ముగ్గురైతే దాదాపు మూడు వేలు. సీటు ఎలాగూ ఖాళీగానే ఉంది కాబట్టి ఇక్కడ జీతాలు, బీమా మళ్ళీ లెక్కలోకి తేనక్కర్లేదు.

డ్రైవరు పది నిమిషాలు ముందు లేవాలి. ఆయన సరే అన్నారు, ఆయా మాత్రం నెలకు మరో మూడు వందలు అడిగింది. న్యాయమే, ఆ సమయం ఆమెది. ఇద్దరితోనే నడిపితే ఆ మూడు వందలు పోను నాలుగు వందలు మిగులుతుంది, దానికి బండి అంత దూరం వెళ్ళనక్కర్లేదు. ముగ్గురైతేనే అని చెప్పి పంపాం. ఇద్దరు పేర్లు ఇచ్చారు. మూడో ఇంటివాళ్ళు దసరా సెలవుల తర్వాత చెబుతామన్నారు.